మేజర్ రివిజన్ లెటర్ వస్తె ఎట్ల సదవాలె?

"మీ పేపర్‌ను ఇప్పుడున్న రూపంల అచ్చు వెయ్యలేము." జర్నల్ నుంచి వచ్చే లెటర్ల ఈ ఒక్క వాక్యం కాడనే రీసెర్చ్ చేసే మన పిల్లలు మస్తుమంది ఆగిపోతరు. దాని కింద ఇంకా మూడు పేజీలు ఉంటయ్. అవి సదవకముందే "పేపర్ పోయింది సార్" అని ఫోన్ చేస్తరు. కొందరైతే ఆ మెయిల్ మల్ల తెరువనే తెరువరు.

ఆ వాక్యంల అసలు పట్టించుకోవాల్సిన మాట "ఇప్పుడున్న రూపంల" అన్నది. అంటె ఇంకో రూపంల వస్తె చూస్తమన్నట్టే. నేను నీళ్ల కెమిస్ట్రీ చెప్పేటోన్ని. స్కాలర్ల పేపర్లు దిద్దుత, జర్నళ్లు పంపితె వేరేటోల్ల పేపర్లు రివ్యూ కూడ చేస్త. అటు దిక్కు, ఇటు దిక్కు రెండూ చూస్తున్న కాబట్టి, ఈ లెటర్‌ను ఎట్ల సదవాలెనో ఒక్క పేపర్ కథ పట్టుకొని చెప్త.

ముందుగాల్ల లెటర్ ఎవరు రాస్తరో తెల్వాలె. మనం పంపిన పేపర్ ఎడిటర్ కాడికి పోతది. ఆయన పైపైన చూసి, పనికొస్తదనుకుంటె ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పంపుతడు. వాళ్లే రివ్యూయర్లు. వాళ్లకు మామూలుగ పైసలియ్యరు, మనకు వాళ్ల పేర్లు కూడ చెప్పరు. వాళ్లు సలహా మాత్రమే ఇస్తరు, తీర్పు ఎడిటర్‌ది. ఇంకో సంగతి మస్తుమందికి తెల్వదు. మనకు కనపడే కామెంట్లు కాకుండ, ఎడిటర్ ఒక్కడే సదివేటట్టు రివ్యూయర్ వేరేగ నాలుగు ముక్కలు రాసే జాగ ఉంటది. అందుకే ఒక్కోసారి కామెంట్లన్నీ మెత్తగ ఉండి తీర్పు మాత్రం గట్టిగ వస్తది. "మంచిగనే రాసిండు గద, మల్ల మేజర్ ఎందుకు?" అని తండ్లాడుకుంట కూసుంటె లాభం లేదు.

తీర్పులు ముఖ్యంగ నాలుగు తీర్లు. ఒప్పుకునుడు, మైనర్ రివిజన్, మేజర్ రివిజన్, రిజెక్ట్. మేజర్‌కు, రిజెక్ట్‌కు నడుమ ఇంకోటి ఉంటది: ఈ పేపర్‌ను వద్దంటున్నం గని, పని ఇంకా పెంచి కొత్త పేపర్‌గ పంపితె చూస్తం అంటరు. అక్కడనే గడబిడ అయితది. గుర్తు పట్టుడు తేలిక. రివిజన్ అయితె లెటర్ల గడువు ఇస్తరు, ప్రతి కామెంట్‌కు జవాబు రాయమంటరు, పేపర్ నంబర్ పాతదే ఉంటది. చాన జర్నళ్లల్ల దాని చివర R1 అని చేరుతది. కొత్తగ పంపుమన్నరంటె నంబర్ మారుతది, రివ్యూయర్లు కూడ మారొచ్చు.

ఇగ మన పేపర్ సంగతి. నల్లగొండ జిల్లాల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ మీద ఒక అమ్మాయి పేపర్ రాసింది. ఆమె ఎవరో తెల్వకుండ అంకెలు, కొన్ని వివరాలు మార్చి చెప్తున్న. 12 ఊర్లు తిరిగి, ఊరికి ఐదు బోర్ల లెక్కన 60 శాంపిళ్లు మే నెలల పట్టింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు. వేరే నీళ్లు దొరకని కాడ 1.5 దాక ఒప్పుకుంటరు. ఆమె పట్టిన 60లో 38 బోర్లు 1.5 దాటినయ్. అక్కడిదాక సాఫ్‌గనే ఉంది. పేపర్‌ల ఇంకో అడుగు ముందుకేసి, బోరు లోతు పెరిగినకొద్ది ఫ్లోరైడ్ పెరుగుతున్నదని, కాబట్టి తక్కువ లోతు బోర్లు మేలని రాసింది.

ఆగస్టుల లెటర్ వచ్చింది. మేజర్ రివిజన్. ఆమె గైడ్ ఒక్క నిమిషం చూసి, "ఈ తలనొప్పి ఎందుకమ్మా, పైసలు కడితె వారంల వేసే జర్నళ్లున్నయ్, దాంట్ల వేసేయ్" అన్నడట. ఇది రెండు తీర్ల తప్పు. రివిజన్ తెరిచి ఉండంగ అదే పేపర్‌ను ఇంకో జర్నల్‌కు పంపితె ఒక్కటే పేపర్ రెండు చోట్ల పెట్టినట్టయితది, తెలిస్తె రెండు కాడల కొట్టేస్తరు. ఇంకోటి, వారంల వేసేటోల్లు పేపర్ సదువరు. పేపర్‌ల ఉన్న తప్పు గట్లనే అచ్చయితది. ఆ తప్పు ఎంత పెద్దదో ముంగట చూద్దాం.

లెటర్‌ల ముందుగాల సదవాల్సింది ఎడిటర్ రాసిన నాలుగు వాక్యాలు. ఆయన ఏమన్నడంటె: ఇద్దరు రివ్యూయర్లు విషయానికి విలువుందన్నరు, రెండో రివ్యూయర్ చెప్పిన 2, 3, 4 పాయింట్లకు సరైన జవాబు కావాలె, 60 దినాలల్ల పంపుండ్రి, మల్ల రివ్యూయర్లకు పంపుతం, ఒప్పుకుంటమని ఇది హామీ కాదు. చివరి ముక్క చూసి భయపడేది లేదు, అది అందరికీ రాస్తరు. మనకు బంగారం అసొంటిది నడుమ వాక్యం. 17 కామెంట్లల్ల పేపర్ ఏ మూడింటి మీద నిలబడ్తదో ఎడిటరే వేలు పెట్టి చూపిచ్చిండు.

మొదటి రివ్యూయర్ మూడు పాయింట్లే రాసిండు. రెండో ఆయన 14 రాసిండు, మాట కూడ జర కటువు. సదివిన దినం కోపమొస్తది, అది ఎవరికైనా వస్తది. 1936ల ఐన్‌స్టీన్, రోజెన్ కలిసి గురుత్వ తరంగాల మీద రాసిన పేపర్‌ను ఫిజికల్ రివ్యూ ఎడిటర్ ఒక రివ్యూయర్‌కు పంపిండు. ఆయన పేజీలకు పేజీలు తప్పులు రాసిచ్చిండు. అచ్చుకాకముందే వేరేటోల్లకు ఎందుకు చూపిచ్చినవని ఐన్‌స్టీన్ కోపంతోటి పేపర్ వాపసు తీసుకున్నడు. తర్వాత అదే పేపర్ ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌ల వచ్చింది గని, దాంట్ల ముగింపే మారిపోయి ఉంది. గురుత్వ తరంగాలు లేవన్న మొదటి మాట నిలువలేదు. రివ్యూయర్ చెప్పిందే నిజమైంది. కాబట్టి లెటర్ వచ్చిన దినం జవాబు రాయొద్దు. రెండు మూడు దినాలైనంక కాయితం పట్టుకొని కూసోవాలె.

ఆ అమ్మాయితోని నేను చేయించిన మొదటి పని, 17 కామెంట్లను ఒక్కొక్కటి వేరే వరుసల రాసి నాలుగు కుప్పలు పెట్టుడు. ఎనిమిది చిన్నయి: మ్యాప్‌ల స్కేల్ లేదు, యూనిట్లు ఒక్కతీరుగ లేవు, ఒక పట్టికల లెక్క కలుస్తలేదు అసొంటివి. ఒక దినం పని. మూడు, పని చేసిన్రు గని పేపర్‌ల రాయలేదు: ఎలక్ట్రోడ్‌ను ఏ స్టాండర్డ్‌లతోటి సరిచూసిన్రు, శాంపిల్ ప్లాస్టిక్ సీసాల పట్టిన్రా గాజు సీసాలనా, అయాన్ల లెక్క కుదిరిందా. ఫ్లోరైడ్ గాజుతోటి కలబడ్తది కాబట్టి సీసా సంగతి రాయాల్సిందే. నీళ్లల్ల ప్లస్ అయాన్ల చార్జీ, మైనస్ అయాన్ల చార్జీ సమానంగ రావాలె. తేడా నూటికి ఐదు లోపల ఉంటె ల్యాబ్ పని సక్కగ జరిగిందని నమ్ముతరు. ఈ అంకెలన్నీ ఆమె ల్యాబ్ నోటుబుక్కుల ఉన్నయ్. పేపర్‌లకు ఎక్కియ్యాలె, గంతే.

మిగిలినయి ఆరు. మూడు ఇటో అటో తేల్చుకునేటివి, మూడు పేపర్ ప్రాణం మీదికొచ్చేటివి. ప్రాణం మీదివి ముందుగాల్ల చూద్దాం.

మూడో పాయింట్ల రివ్యూయర్ ఏమన్నడంటె, మీ 60 శాంపిళ్లు నిజానికి 60 కావు. ఇది ఆ అమ్మాయికి అస్సలు సమజ్ కాలేదు. "60 బోర్ల కాడికి నేనే పోయిన గద సార్" అన్నది. పోయింది నిజమే. కని ఒక్క ఇంట్ల ఐదుగురిని పిలిచి ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర అని అడిగితె ఐదు జవాబులు వస్తయ్, తెలిసేది మాత్రం ఒక్క ఇంటి కూర సంగతే. ఒక ఊరి ఐదు బోర్ల కింద ఉండేది ఒక్కటే రాయి, ఒక్కటే నీటి పొర. ఫ్లోరైడ్ దగ్గర దగ్గరగనే ఉంటది, బోర్ల లోతు కూడ దాదాపు ఒక్కతీరుగనే ఉంటది.

దీనికి ఒక అంచనా లెక్క ఉన్నది. ఒక ఊరి బోర్లు ఒకదానికొకటి ఎంత పోలి ఉన్నయో 0 నుంచి 1 దాక ఒక అంకె తీస్తరు. ఆమె డేటాల అది 0.5 వచ్చింది. ఊరికి ఐదు బోర్లు కాబట్టి, ఐదుల నుంచి ఒకటి తీసేసి, 0.5తోటి హెచ్చవేసి, ఒకటి కలపాలె. మూడు వస్తది. 60ని మూడుతోటి భాగిస్తె 20. అంటె ఆమె చేతుల ఉన్నది 20 శాంపిళ్ల బలమే. ఇప్పుడు లోతుకు, ఫ్లోరైడ్‌కు నడుమ ఆమె చూపిన సంబంధం 0.33. అసలు సంబంధమే లేకున్నా గంత సంబంధం ఉత్తగ కనపడే అవకాశం 60 శాంపిళ్లయితె నూటికి ఒక్కసారి. 20 అయితె నూటికి 15 సార్లు. మొదటి లెక్కల గట్టి రుజువు లెక్క కనపడ్డది రెండో లెక్కల అనుమానం కాడికి వచ్చింది. పేపర్‌ల ఈ మోటు లెక్క పెట్టరు. ఊరిని ఒక గుంపుగ తీసుకొని లెక్క కట్టే స్టాటిస్టిక్స్ పద్ధతి ఉంది, అది చేయించినం. జవాబు గట్లనే వచ్చింది.

నాలుగో పాయింట్ దాని మీద ఇంకో దెబ్బ. బోరు లోతు మీకెట్ల తెలిసిందని అడిగిండు. ఆమె బోరు ఓనర్లను అడిగి రాసుకున్నది. పదేండ్ల కిందట వేసిన బోరు రెండొందల అడుగులా, మూడొందలా అని యాది మీద చెప్పిన మాట అది. కొందరు పక్కపొలం బోరు లోతు కూడ చెప్పి ఉంటరు. దీన్ని ఇప్పుడు సరిచేసే తొవ్వ లేదు.

ఇక్కడ మన స్కాలర్లు మామూలుగ ఏం చేస్తరంటె, కొట్లాటకు దిగుతరు. వేరేటోల్లు కూడ ఇట్లనే అడిగి రాసిన్రని నాలుగు పేపర్ల పేర్లు చూపిస్తరు. లేకుంటె ఎడాపెడా కొత్త పరీక్షలు చేసి పేపర్‌ను లావు చేస్తరు. రెండూ పనికిరావు. రివ్యూయర్ అడుగుతున్నది ఒక్కటే: నీ కాడున్న రుజువు ఎంత, నువ్వు అంటున్న మాట ఎంత. రుజువు పెంచే తొవ్వ లేకుంటె మాట తగ్గించాలె. ఆ అమ్మాయి లోతు గురించి రాసిన భాగం తీసేసింది, పేపర్ పేరు కూడ మార్చింది. మే నెలల 12 ఊర్ల బోర్లల్ల ఫ్లోరైడ్ ఎంత ఉంది, దాంతోపాటు కాల్షియం, బైకార్బొనేట్ ఎట్ల ఉన్నయ్ అన్నదే మిగిలింది. లోతు సంగతి కొలిచి చూడాల్సి ఉందని చివర్ల ఒక్క వాక్యం పెట్టింది.

పేపర్ చిన్నగయ్యిందని ఆమె బాధపడ్డది. కని ఆ తీసేసిన మాట బయటికి పోతె ఏమైతదో ఆలోచించుండ్రి. తక్కువ లోతు బోరైతె ఫ్లోరైడ్ ఉండదని ఒక పేపర్‌ల అచ్చయితె, దాన్ని చూసి ఒక ఆఫీసరు సలహా ఇస్తడు, ఒక రైతు అప్పు తెచ్చి కొత్త బోరేస్తడు, ఇంటిల్లిపాది ఆ నీళ్లే తాగుతరు. ఫ్లోరైడ్ కంటికి కనపడది, రుచికి తెల్వది. పండ్లు గారపట్టినంక, ఎముకలు వంగినంక తెలుస్తది. నల్లగొండల దాని సంగతి ఎవరికీ కొత్తగ చెప్పాల్సింది లేదు. వారంల వేసే జర్నలయితె ఆ వాక్యం గట్లనే అచ్చయ్యేది.

ఇగ రెండో పాయింట్: ఒక్క ఎండకాలమే శాంపిల్ పట్టిన్రు, వానకాలం తర్వాత పట్టలేదు. ఇది న్యాయమైన మాటనే. వాన నీళ్లు దిగితె ఫ్లోరైడ్ పలుచబడొచ్చు, లేకుంటె మట్టిల, రాళ్లల్ల ఉన్నది కరిగి పెరగొచ్చు కూడ. గడువు అక్టోబర్‌ల అయిపోతది, వానలు వెనుకపట్టి శాంపిల్ పట్టేది నవంబర్‌ల. అప్పుడు ఎడిటర్‌కు చిన్న మెయిల్ పెట్టించిన: నవంబర్‌ల ఊరికి రెండు బోర్ల లెక్కన అవే 24 బోర్ల నీళ్లు మల్ల చూస్తం, డిసెంబర్ ఆఖరు దాక గడువు కావాలె, ఇది సరిపోతదా? రెండు దినాలల్ల సరేనని జవాబొచ్చింది. గడువు అడిగితె నామోషీ అనుకొని మనోళ్లు అడుగరు. చెప్పకుండ గడువు దాటితె మాత్రం పేపర్‌ను కొత్తదాని లెక్క చూసే జర్నళ్లున్నయ్. అందుకే ముందుగాలనే అడగాలె.

24 బోర్లల్ల 15 కాడ ఫ్లోరైడ్ తగ్గింది, ఆరు కాడ పెరిగింది, మూడింట్ల తేడా లేదు. ఒక్క దిక్కే పోలేదని ఆమె పరేషాన్ అయింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్న. ఆ 24 బోర్లనే మే నెలతోటి పోల్చాలె, మే నెల 60 బోర్ల సగటుతోటి నవంబర్ 24 బోర్ల సగటును పోల్చొద్దని మాత్రం చెప్పిన. బోర్లే వేరయితె తేడా కాలానిదో బోర్లదో తెల్వకుండ పోతది.

తేల్చుకునేటివి మూడు మిగిలినయ్. మొదటి రివ్యూయర్ ముందుమాట సగం చెయ్యమన్నడు, రెండో ఆయన దాన్ని పెంచమన్నడు. ఇద్దరి మాటా ఒక్కసారి నడువది. అసొంటప్పుడు ఒకటి ఎంచుకొని, ఎందుకో ఇద్దరికీ చెప్పాలె. ఫ్లోరైడ్ చరిత్ర అంత తీసేసి, ఈ జిల్లాల ముందు జరిగిన పనిని మాత్రం ఒక పేరా పెంచింది. జవాబుల ఇద్దరి కామెంట్ల కింద అదే మాట రాసింది. మూడోది, రెండో రివ్యూయర్ నాలుగు పేపర్లు చూపి వీటిని ఉటంకించమన్నడు. నాలుగూ ఒక్కరివే. నాలుగూ సదివినం. ఒకటి నిజంగ పనికొచ్చేది, పెట్టినం. మిగిలిన మూడు వేరే రాష్ట్రం ఫ్యాక్టరీ మురికినీళ్ల మీద, పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మర్యాదగ ఒక వాక్యం రాసినం. సొంత పేపర్ల లెక్క పెంచుకునేందుకు గిట్ల అడగొద్దని కోప్ అనే ప్రచురణ నైతికత కమిటీ రివ్యూయర్లకు చెప్పనే చెప్పింది. మరీ ఒత్తిడి అనిపిస్తె ఎడిటర్‌కే వేరేగ రాయొచ్చు.

ఆఖరుకు జవాబు లెటర్. రివ్యూయర్ మన పేపర్‌ను మూడు నాలుగు నెలల కింద సదివిండు, ఇప్పుడు ఏం యాదికుండదు. ఆయన ముందుగాల తెరిచేది ఈ జవాబే. అందుకే ప్రతి కామెంట్‌ను పూర్తిగ ఎక్కించి, దాని కింద మన జవాబు, దాని కింద పేపర్‌ల ఏం మార్చినమో, ఏ పేజీ ఏ లైన్లనో రాయాలె. ఆమె మొదలు రాసిన జవాబు ఇట్ల ఉండె: "రివ్యూయర్ సూచనకు ధన్యవాదాలు. తగిన మార్పులు చేసినం." దాంతోటి ఆయనకు ఏం తెలుస్తది? మార్చి రాసింది ఇట్ల: "లోతు వివరాలు ఓనర్ల యాది మీద ఆధారపడినయ్, కొలిచినయి కావు. ఊరిని గుంపుగ తీసుకొని లెక్క కడితె లోతుకు, ఫ్లోరైడ్‌కు సంబంధం నిలువలేదు. అందుకే ఆ భాగాన్ని, రైతులకిచ్చిన సూచనను తీసేసినం. ముగింపు మార్చినం, పేజీ 14, లైన్లు 310 నుంచి 322." ఇది సదివినంక రివ్యూయర్‌కు ఇంకా అడిగేది ఉండది.

జవాబు తప్పుదారి పట్టిందని తెలిసే గుర్తు ఒకటి చెప్త. జవాబు లెటర్‌ల సంజాయిషీ ఒక పేజీ ఉండి, పేపర్‌ల ఒక్క లైన్ కూడ మారలేదంటె ఏదో తేడా ఉన్నట్టే. జవాబు లెటర్ సదివేది ముగ్గురో నలుగురో, పేపర్ సదివేటోల్లకు అది కనపడకపోవచ్చు. రివ్యూయర్‌కు వచ్చిన అనుమానం రేపు సదివేటోనికీ వస్తది. ఆయన తప్పుగ అర్థం చేసుకున్నడనిపించినా, అట్ల అర్థమయ్యేటట్టు రాసిన వాక్యం మన పేపర్‌లనే ఉంటది. దాన్నే దిద్దాలె.

అన్ని మేజర్ రివిజన్లు ఒడ్డుకు చేరయ్. మాట తగ్గించుకుంట పోతె పేపర్‌ల చెప్పేందుకు ఏం మిగులకపోతె, ఎడిటర్‌కు రాసి వాపసు తీసుకోవాలె. ఆయన సరే అన్నంకనే ఇంకో జర్నల్ చూసుకోవాలె. ఈ పేపర్‌ల మాత్రం మిగిలింది. ఫిబ్రవరిల రెండో లెటర్ వచ్చింది, మైనర్ రివిజన్, నాలుగు కామెంట్లు. రెండో రివ్యూయర్ ఈసారి ఒక్కటే అడిగిండు: నవంబర్‌ల ఫ్లోరైడ్ పెరిగిన ఆ ఆరు బోర్లు ఏ ఊర్లల్ల ఉన్నయో మ్యాప్‌ల చూపియ్యమన్నడు. చూస్తె ఆరుల నాలుగు, పక్కపక్కనే ఉన్న రెండు ఊర్లయి. ఎందుకట్లనో ఇంకా తెల్వదు. ఈ వానకాలం పోయినంక ఆమె ఆ రెండు ఊర్లకే మల్ల పోతున్నది, ఈసారి బోరు లోతు కొలిచే తాడు పట్టుకొని.